కాపాడటం వేరు, కాపలా వేరు

గత రంజాన్ నెలలో ఒక సాయంత్రం. మగ్రిబ్ అజాన్‌కు ఇంకా పది నిమిషాలు ఉందనగా కరెంటు పోయింది. దస్తర్‌ఖాన్ పరచి ఉంది. ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, పకోడీలు సర్ది పెట్టాను. హైదరాబాదు నుంచి పండుగ నెల గడపడానికి వచ్చిన మా పెద్దమ్మాయి తన ఫోన్ చూసుకుని ఒక్కసారిగా లేచి నిలబడింది.

“అమ్మీ, నాలుగు శాతమే ఉంది. పవర్ బ్యాంకు కూడా అయిపోయింది” అన్నది.

“కరెంటు వచ్చాక పెట్టుకోవచ్చులే, కూర్చో బేటా” అన్నాను. ఆమె వినలేదు. ఛార్జర్ పట్టుకుని, దుపట్టా సర్దుకుంటూ ఇన్వర్టర్ ఉన్న పక్కింటికి పరుగెత్తింది. అంతలో అజాన్ వినిపించింది. ఆమె రాలేదు. ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్లు తీసుకుని నేనే వెళ్లాను. వాళ్ల ఫ్రిజ్ పక్కన, నేల మీద, ప్లగ్ దగ్గర కూర్చుని ఉంది నా బిడ్డ. పక్కింటి ఆపా ఇచ్చిన ఖర్జూరం ఆమె చేతిలో అలాగే ఉంది. కళ్లు మాత్రం ఫోన్ తెర మీద ఉన్నాయి.

“ఒక్క నిమిషం అమ్మీ, ఆన్ అవుతోంది. ఫోన్ ఆగిపోతే ఆయన కంగారు పడతారు” అన్నది.

పధ్నాలుగు గంటలు ఉపవాసమున్న మనిషి, అజాన్ వినిపించిన తర్వాత కూడా గుక్కెడు నీళ్లు తాగలేకపోయింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. ‘కంగారు’ అన్న మాటను రెండు సంవత్సరాలుగా ఆమె నోట వింటూనే ఉన్నాను. ఆ కంగారు ఎవరిదో నాకు తెలిసింది ఆ సాయంత్రమే. కంగారు పడుతున్నది అల్లుడు కాదు, నా కూతురు.

నేను మెచ్చుకున్న అల్లుడు

నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఈ రెండేళ్లూ మా అల్లుడి గురించి బంధువుల ఇళ్లలో గొప్పగా చెప్పుకున్నది నేనే. “మా అమ్మాయి బస్సెక్కిందా, దిగిందా, భోజనం చేసిందా అని గంట గంటకూ కనుక్కుంటాడు. ఈ కాలంలో అంత పట్టించుకునేవాళ్లు ఎవరున్నారు?” అని పెళ్లీడు కూతుళ్లున్న తల్లుల ముందు మురిసిపోయాను.

అందుకు కారణం లేకపోలేదు. అతను తాగడు, తిరగడు, నమాజు మానడు. అమ్మాయికి జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని కూర్చుంటాడు. ఇంతవరకు చేయి ఎత్తలేదు, బూతు మాట అనలేదు. మన పెద్దవాళ్లు మంచి అల్లుడి లక్షణాలని చెప్పేవన్నీ అతనిలో ఉన్నాయి. కాబట్టి మరో విధంగా చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ రాత్రి తరావీహ్ అయిన తర్వాత డాబా మీద చాప పరచుకుని తల్లీకూతుళ్లం కూర్చున్నాం. “ఇరవై నాలుగు గంటలూ ఆ ఫోన్ ఎందుకు బేటా అలా పట్టుకుని తిరుగుతావు?” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. సహ్రీ వేళ వరకు చెబుతూనే ఉంది.

ఒక వాన సాయంత్రంతో మొదలైంది

పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. అమ్మాయి పనిచేసే బడి నుంచి మెహిదీపట్నం మీదుగా టోలిచౌకిలోని ఇంటికి రావాలి. రోడ్లన్నీ నీళ్లు. అల్లుడు ఫోన్ చేసి, “లైవ్ లొకేషన్ పంపు, ఎక్కడ ఆగిపోయినా నేను వచ్చి తీసుకుంటాను” అన్నాడు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపేటప్పుడు పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులు కనిపిస్తాయి. ఆమె గంట అని నొక్కి పంపింది. అతను సగం దారికి ఎదురువచ్చి, తడవకుండా ఇంటికి తీసుకెళ్లాడు. అది ముమ్మాటికీ ప్రేమే. ఈ రోజుకీ మా అమ్మాయి ఆ సాయంత్రాన్ని తలచుకుని కళ్లు తుడుచుకుంటుంది.

మరునాడు వాన లేదు. అయినా లొకేషన్ పంపమన్నాడు. వారం తిరిగేసరికి గంట కాస్తా ఎనిమిది గంటలైంది. ఉదయం బడికి బయలుదేరేముందు పంపడం ఒక నియమమైంది. కొన్నాళ్లకు, “రోజూ నొక్కడం నీకూ శ్రమే కదా” అంటూ ఆమె ఫోన్ తీసుకుని, ఆపేవరకు ఆగకుండా కనిపించేలా గూగుల్ మ్యాప్స్‌లో ఏర్పాటు చేశాడు.

అప్పటినుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. “జెరాక్స్ షాపు దగ్గర పన్నెండు నిమిషాలు ఎందుకు ఆగావు?” “ఈ రోజు అవతలి రోడ్డు మీదుగా ఎందుకు వచ్చావు?” ఫోన్ చూపే చుక్క ఎప్పుడూ ఖచ్చితంగా ఉండదన్న సంగతి చాలామందికి తెలియదు. కాంక్రీటు భవనం లోపల ఉన్నప్పుడు ఉపగ్రహ సంకేతం బలహీనపడి, చుక్క పక్క భవనం మీదికో, ఎదురు వీధిలోకో జరుగుతుంది. మా అమ్మాయి స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఉంటే చుక్క ఒకరోజు ఎదురుగా ఉన్న బేకరీ మీద కనిపించింది. “బేకరీలో ఎవరితో ఉన్నావు?” అని ఫోన్ వచ్చింది. బడిలోనే ఉన్నానంటే నమ్మలేదు. గోడ గడియారం కనిపించేలా స్టాఫ్ రూమ్ ఫోటో తీసి పంపమన్నాడు. పంపింది. ఆ తర్వాత అదీ అలవాటైంది. ఇక్కడ మా ఇంటికి వచ్చాక కూడా వంటింటి ఫోటో, నా పక్కన కూర్చున్న ఫోటో రోజుకు నాలుగైదుసార్లు వెళ్లేవి. వాటిని చూసి, “భార్య కనబడకపోతే ఉండలేడు” అని నవ్వుకున్న అమాయకురాలిని నేను.

లొకేషన్ తర్వాత పాస్‌వర్డ్ వంతు వచ్చింది. “భార్యాభర్తల మధ్య దాపరికం ఏమిటి?” అన్నాడు. ఆ మాట తప్పుగా తోచలేదు, ఇచ్చింది. ఇక ప్రతి రాత్రి ఇషా తర్వాత ఆమె ఫోన్ అతని చేతిలో ఉండేది. తర్వాత ఆ రాత్రి తనిఖీ కూడా అవసరం లేకపోయింది. ఆమె వాట్సాప్‌ను తన లాప్‌టాప్‌కు కలుపుకున్నాడు. ఇక ఆమెకు వచ్చే ప్రతి మాటా ఆమె కంటే ముందే అతను చదవగలడు.

తగ్గిపోయిన మనుషులు

స్నేహాల విషయంలో అతను ఎన్నడూ ‘వద్దు’ అనలేదు. అదే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచింది. బి.ఇడి.లో కలిసి చదివిన స్నేహితురాలు ఖులా తీసుకుంది. “పాపం, ఆమెకు సంసారాలంటే చేదు. ఆమె మాటలు నీ మనసు పాడుచేస్తాయేమోనని నా భయం” అన్నాడు. ఆమెతో మాట్లాడిన ప్రతిసారీ ఆ సాయంత్రమంతా ముభావంగా ఉండేవాడు. నెలకొకసారి మాట్లాడటం రెండు నెలలకొకసారి అయింది, తర్వాత ఆగిపోయింది. బడి ఉపాధ్యాయుల గ్రూపులో ఇద్దరు మగవారు ఉన్నారు. ‘నీ నంబరు వాళ్లకు కనిపించడం నాకు నచ్చదు’ అన్నాడు. గ్రూపు నుంచి బయటికి వచ్చింది. పరీక్షల సమావేశాల సంగతి ఆమెకు తెలియక హెడ్‌మిస్ట్రెస్‌తో మాటలు పడింది. ఆదివారం మహిళల దర్స్‌కు వెళ్లేది. “అక్కడ దీన్ కంటే ఇతరుల ఇళ్ల విషయాలే ఎక్కువ మాట్లాడుకుంటారు” అన్నాడు. అదీ మానుకున్నది. చివరికి నాతో మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టాలి. “అమ్మీ గొంతు నేనూ వినాలి కదా” అనేవాడట.

ఒక్కొక్కటి విడిగా చూస్తే ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ఆ కారణం వినడానికి బాగానే ఉంది. అందుకే ఆ రాత్రి నేను ఒక పని చేశాను. పెళ్లి నాటికి ఆమె మనసు విప్పి మాట్లాడగల మనుషుల పేర్లు చెప్పమన్నాను. వేళ్ల మీద లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. ఇప్పుడెందరని అడిగాను. చాలాసేపు ఆలోచించి, “ఈ రాత్రి నువ్వు ఉన్నావు అమ్మీ” అన్నది.

‘వద్దు’ అంటే ఏమవుతుంది?

“నువ్వు ఎప్పుడూ ఎదురు చెప్పలేదా?” అని అడిగాను. ఒక్కసారి చెప్పిందట. ఒక ఉదయం అలసిపోయి, “ఈ రోజు లొకేషన్ ఆపేస్తానండీ, బడికే కదా వెళ్లేది” అన్నది. అతను అరవలేదు. “నీ ఇష్టం” అన్నాడు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వండినది తినలేదు. రాత్రి హాలులో పడుకున్నాడు. నాలుగో రోజు నాకు ఫోన్ చేసి, “అమ్మీ, తన ధోరణి మారింది. నాకు భయంగా ఉంది” అన్నాడు.

నాకు ఆ ఫోన్ బాగా గుర్తుంది. అప్పుడు నేనేం చేశాను? వెంటనే కూతురికి ఫోన్ చేసి, “నీ అంత అదృష్టవంతురాలు లేదు. లొకేషన్ పంపితే నీ సొమ్మేం పోయింది? నిన్ను పట్టించుకోవడమూ నేరమేనా?” అని మందలించాను. ఆమె ‘సరే అమ్మీ’ అని పెట్టేసింది. ఆ రోజు తర్వాత నాకు ఏమీ చెప్పలేదు. ఇంతకాలం ఎందుకు దాచావని ఆమెను అడిగే హక్కు నాకెక్కడిది?

ఆ రాత్రి తర్వాత నేను ఎంతో ఆలోచించాను. లొకేషన్ పంపడం తప్పా? కాదు. రాత్రి బస్సులో ఒంటరిగా వచ్చే చెల్లెలి లొకేషన్ అన్న చూసుకుంటాడు. భార్యాభర్తలు ఒకరి ఫోన్ ఒకరు తీసుకోవడం తప్పా? అదీ కాదు. మా ఇంట్లో మావారి ఫోన్ పాస్‌వర్డ్ నాకు తెలుసు, నాది ఆయనకు తెలుసు. మరి తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతవరకు పనిని చూస్తే తేడా తెలియదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే తెలుస్తుంది.

మొదటిది, దానికి ముగింపు ఉందా? శ్రద్ధకు ఒక సందర్భం ఉంటుంది. వాన వెలిసి మనిషి ఇల్లు చేరితే అక్కడితో ఆగిపోతుంది. కట్టడికి ముగింపు ఉండదు. గంట ఎనిమిది గంటలవుతుంది, తర్వాత గడువే ఉండదు. ఒకటి ఇస్తే శాంతించదు, మరొకటి అడుగుతుంది. చుక్క చాలక ఫోటో కావాలంటుంది, ఫోటో చాలక గడియారం కనిపించాలంటుంది.

రెండవది, అది ఇద్దరికీ వర్తిస్తుందా? మా అమ్మాయి ఒకసారి, “మరి మీ లొకేషన్ నాకు పంపరేం?” అని అడిగితే, “మగవాడికి భయమేముంటుంది?” అని నవ్వాడట. అయితే ఈ ఒక్క ప్రశ్న సరిపోదు. కొందరు తమ పాస్‌వర్డ్ ముందుగా ఇచ్చి, ఆ బదులుగా అవతలివారిది పుచ్చుకుని తనిఖీ చేస్తారు. లెక్క సమానంగానే కనిపిస్తుంది, భయం మాత్రం ఒకరికే ఉంటుంది.

అందుకే మూడవ ప్రశ్న అసలైనది. ‘వద్దు’ అంటే ఏమవుతుంది? శ్రద్ధగల మనిషి కాస్త నొచ్చుకోవచ్చు, వాదించవచ్చు, కానీ సాయంత్రానికి కలిసి భోజనం చేస్తాడు. కట్టడి చేసే మనిషి దగ్గర ‘వద్దు’ అన్న మాటకు వెల ఉంటుంది. అది మౌనం కావచ్చు, అన్నం ముట్టకపోవడం కావచ్చు, పుట్టింటికి ఫిర్యాదు కావచ్చు, కొన్ని ఇళ్లలో దెబ్బలు కావచ్చు. ఆ వెల ఒకసారి చెల్లించిన మనిషి రెండోసారి ‘వద్దు’ అనదు. బయటివారికి అది అన్యోన్యతలా కనిపిస్తుంది. మా ఇంట్లో జరిగింది అదే.

ఇంగ్లండులో 2015లో ఈ రకమైన ప్రవర్తనను చట్టంలో ప్రత్యేక నేరంగా చేర్చారు. దెబ్బ కొట్టకపోయినా సరే, దగ్గరి బంధంలోని మనిషిని పదే పదే కట్టడి చేసి, ఆమె దైనందిన జీవితమే దెబ్బతినేలా చేస్తే అది నేరమవుతుంది. మన దేశంలో 2005 నాటి గృహ హింస నిరోధక చట్టం మాటల ద్వారా, మానసికంగా పెట్టే బాధను కూడా హింసగానే పరిగణిస్తుంది. ఆ చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఒంటి మీద గాయం లేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేనని అనుకునే సోదరీమణులు ఈ సంగతి తెలుసుకోవాలి.

దీన్ పేరు చెప్పినప్పుడు

అతను చెప్పిన కారణాలలో దీన్ కూడా ఉంది. “ఇంటికి యజమానిని నేను. అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది నేను. నా భార్య ఎక్కడుందో నాకు తెలియనక్కరలేదా?” అనేవాడట. ఆ మాటకు మా అమ్మాయి దగ్గర జవాబు లేకపోయింది. నాకూ తోచలేదు. మా ఊరి మౌలానా సాహెబ్ దగ్గరికి మావారు వెళ్లి, పేర్లు చెప్పకుండా అడిగారు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. భర్తకు బాధ్యత ఉన్న మాట నిజం. కానీ అది పోషణకూ రక్షణకూ సంబంధించిన బాధ్యత. అనుమానంతో వెతకడం దానిలోకి రాదు. దివ్య ఖుర్ఆన్‌లో హుజురాత్ సూరాలోని 12వ వాక్యం ఎక్కువగా అనుమానించడాన్ని, ఇతరుల గుట్టు ఆరా తీయడాన్ని వారించింది. దూర ప్రయాణం నుంచి తిరిగివచ్చే మనిషి ఇంటివారి తప్పు పట్టుకుందామనే ఉద్దేశంతో రాత్రివేళ చెప్పకుండా ఇంట్లో అడుగుపెట్టరాదని దైవప్రవక్త (స) వారించారు. జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. “ఇది మరి ఎవరి ఇంటి గురించో చెప్పిన మాట కాదు, సొంత ఇంటి గురించి, సొంత భార్య గురించి చెప్పిన మాట. ఆనాడు తలుపు తోసుకుని రావడమే మార్గం. ఈనాడు ఫోన్ తెరచి చూడటమూ అటువంటిదే” అన్నారు మౌలానా సాహెబ్.

ఫోన్‌లో మేము చూసినవి

తర్వాత మేము చేసిన పనులను వరుసగా చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

ముందుగా మేము ఏదీ ఆపలేదు. ఆపాలని నేను తొందరపడితే మా చిన్నమ్మాయి వారించింది. లైవ్ లొకేషన్ ఆపితే ఆ సంగతి అవతలివారికి కనిపిస్తుంది. లాప్‌టాప్‌కు ఉన్న కలయికను తెంపితే అతనికి వెంటనే తెలిసిపోతుంది. అలా ఒక్కసారిగా ఆపినప్పుడే కోపం హద్దు దాటే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఆపేముందు మనిషి ఎక్కడ, ఎవరి మధ్య ఉందో చూసుకోవాలి. మా అమ్మాయి మా ఇంట్లో ఉంది కాబట్టి మాకు కొంత ధైర్యం.

ముందు ఏమేమి ఉన్నాయో తెలుసుకున్నాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో Linked devices అనే చోట నొక్కితే ఆ ఖాతా ఇంకే కంప్యూటర్లకు కలిసి ఉందో, ఒక్కొక్కటి చివరిసారి ఎప్పుడు పనిచేసిందో కనిపిస్తుంది. అక్కడ అల్లుడి లాప్‌టాప్ ఉంది, చివరిగా పనిచేసిన సమయం ఆ రోజు మధ్యాహ్నమే. గూగుల్ మ్యాప్స్‌లో Location sharing తెరిస్తే లొకేషన్ ఎవరెవరికి వెళుతోందో పేర్లతో చూపిస్తుంది. గూగుల్ ఖాతా ఏయే పరికరాలలో తెరచి ఉందో కూడా ఆ ఖాతా సెట్టింగ్స్‌లో చూడవచ్చు. ఆమె ఖాతా అతని పాత ఫోన్‌లో కూడా తెరచి ఉంది. అంటే ఆమె తీసే ఫోటోలు కూడా అతనికి చేరే వీలుంది.

ఇంకొక జాగ్రత్త. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషి సహాయం కోసం వెతకడం, మాట్లాడటం ఆ ఫోన్ నుంచి చేయకూడదు. అవతలివారు చదువుతున్న ఫోన్‌లో రాసే ప్రతి మాటా వారికి రాసిన ఉత్తరమే అవుతుంది. స్నేహితురాలి ఫోన్ నుంచో, తల్లి ఫోన్ నుంచో మాట్లాడాలి. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112 నంబర్లు ఉన్నాయి. దెబ్బల భయం ఉన్నచోట మాట్లాడి సరిదిద్దుకోవాలనే ప్రయత్నానికి ముందు ఆ నంబర్లకు ఫోన్ చేయడమే మేలు.

పెద్దల సమక్షంలో

భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందన్న భయం ఉన్నప్పుడు అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని నిసా సూరాలోని 35వ వాక్యం దారి చూపింది. పండుగ తర్వాత వారం రోజులకు మా అన్నయ్య, అల్లుడి మేనమామ మా ఇంట్లో కూర్చున్నారు. మా అమ్మాయి కోరిన తర్వాతే, ఆమె అక్కడ ఉండగానే మాట్లాడాం.

మేనమామగారు మంచివారు. కానీ మొదట, “ఇదంతా ప్రేమ ఎక్కువై వచ్చిన తంటా. ఇతర ఇళ్లలో పట్టించుకోలేదని ఏడుస్తారు, మీరు పట్టించుకున్నాడని అంటున్నారా?” అన్నారు. నేను ఒకప్పుడు అన్న మాటే అది. ఆయనతో ప్రేమ గురించి వాదించలేదు మా అన్నయ్య. జరిగినవి మాత్రం తేదీల వారీగా చెప్పమన్నాడు. బేకరీ సంగతి, గడియారం ఫోటో, మూడు రోజుల మౌనం, తొమ్మిది పేర్లు. అన్నీ విన్న తర్వాత మేనమామగారు అల్లుడి వైపు తిరిగి ఒకే ప్రశ్న వేశారు. “ఒకవేళ ఆ అమ్మాయి రేపటి నుంచి పంపనంటే నువ్వేం చేస్తావు?” అతను, “పంపనని ఎందుకంటుంది మామూ?” అన్నాడు. ఆయన మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. మూడోసారి ఆయన అడగలేదు. తల వంచుకుని కూర్చున్నారు.

తర్వాత అతను కొంత మనసు విప్పాడు. తన అక్క కాపురం మోసంతో చెడిపోయిందనీ, అప్పటినుంచి ఎవరినీ నమ్మలేకపోతున్నాననీ చెప్పి ఏడ్చాడు. ఆ బాధ నిజమైనదే. నాకూ కన్నీళ్లు వచ్చాయి. అయితే అతని గాయానికి మందు నా కూతురి ఫోన్‌లో దొరకదు కదా. రెండేళ్లు ప్రతి రాత్రి వెతికాడు, ఏ తప్పూ దొరకలేదు. దానివల్ల అతని నమ్మకం ఇసుమంతైనా పెరగలేదు. వెతికేకొద్దీ అనుమానం పెరిగిందే గాని తరగలేదు.

నాలుగు ఒప్పందాలు కుదిరాయి. చీకటి పడ్డాక ప్రయాణం చేస్తే ఇద్దరూ ఒకరికొకరు లొకేషన్ పంపుకోవాలి, ఇల్లు చేరగానే ఆపాలి. లాప్‌టాప్ కలయిక తీసివేయాలి. పుట్టింటితో, స్నేహితురాళ్లతో ఆమె మాట్లాడేటప్పుడు స్పీకర్ ఉండకూడదు. అలిగితే ఆ అలక మరునాటి భోజనం వరకే. అతను కౌన్సెలింగ్‌కు వెళతానని కూడా ఒప్పుకున్నాడు.

రెండు నెలలు బాగానే గడిచింది. ఆదివారం దర్స్‌కు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. మూడో నెలలో ఒక రాత్రి ఆమె Linked devices తెరచి చూస్తే కొత్త కంప్యూటర్ ఒకటి కనిపించింది. ఆమె నిద్రపోయినప్పుడు ఫోన్ తీసుకుని కలిపాడు. కౌన్సెలింగ్‌కు ఒకసారి వెళ్లి మానేశాడని కూడా అప్పుడే తెలిసింది. ఈసారి ఆమె నాకు దాచలేదు. నేను మందలించలేదు. “నీ మంచం ఖాళీగానే ఉంది, వచ్చెయ్” అన్నాను.

ఇప్పుడు ఆమె మా దగ్గరే ఉండి ఇక్కడి బడిలో పాఠాలు చెబుతోంది. అల్లుడు మళ్లీ కౌన్సెలింగ్‌కు వెళుతున్నాడని మేనమామగారు చెప్పారు. తిరిగి వెళ్లాలా, ఖులా కోరాలా అనేది ఆమె ఇంకా తేల్చుకోలేదు. “మాటలు కాదు అమ్మీ, నేను వద్దన్న రోజున ఏం చేస్తారో చూడాలి” అంటుంది. మేము ఆమెను తొందరపెట్టడం లేదు.

నా వంతు

ఒక సంగతి చెప్పకుండా ముగిస్తే అది నిజాయితీ కాదు. ఈ గొడవల మధ్య ఒకరోజు మా చిన్నమ్మాయి ఫోన్‌ను నేను ఆమె వెనుక తెరచి చూస్తుండగా ఆమె గదిలోకి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. “అమ్మీ, అక్కకు బావ చేసింది నువ్వు నాకు చేస్తున్నావు కదా” అన్నది. చెంప మీద కొట్టినట్లయింది.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల పర్యవేక్షణ అవసరమే. కానీ అది వారికి చెప్పి చేయాలి. ఎందుకు చేస్తున్నామో చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. నేను చాటుగా చూశాను, ఏళ్లు గడిచేకొద్దీ పెంచాను. చిన్ననాటి నుంచి ఇంట్లో తనిఖీనే ప్రేమగా చూసిన పిల్ల రేపు అత్తవారింట దాన్ని ఎలా గుర్తుపడుతుంది? మా పెద్దమ్మాయి రెండేళ్లు నోరు మెదపకపోవడంలో నా పెంపకానికీ భాగం ఉందని ఆ రోజు తెలిసింది. చిన్నదాన్ని క్షమించమని అడిగాను. ఇప్పుడు రాత్రి పదింటికి ఫోన్ హాలులో పెట్టాలన్న నియమం ఒక్కటే ఉంది. అది నాకూ, మావారికీ కూడా వర్తిస్తుంది.

నిన్న సాయంత్రం మా పెద్దమ్మాయి బడి నుంచి వస్తూ దారిలో బి.ఇడి. స్నేహితురాలిని కలిసింది. ఇంటికి రావడం గంట ఆలస్యమైంది. నా చేయి ఫోన్ వైపు వెళ్లింది. ఇంకా వెలుతురు ఉంది, చిన్న ఊరు, తెలిసిన దారి. ఫోన్ పక్కన పెట్టి టీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆమె నవ్వుతూ వచ్చి, “ఛార్జింగ్ అయిపోయింది అమ్మీ, ఎప్పుడు అయిపోయిందో కూడా చూసుకోలేదు” అన్నది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను.